40 టీములు, 8 మంది జడ్జీలు: మార్కులు ఎవరి చేతిలో పడ్డాయన్న దాన్ని బట్టి మారకుండా ఉండాలంటే?

ఫెస్ట్_కోఆర్డ్
మా ఇంజినీరింగ్ కాలేజీలో 24 గంటల హ్యాకథాన్ పెడుతున్నాం. 40 టీములు, 8 మంది జడ్జీలు. వాళ్లలో ముగ్గురు మా లెక్చరర్లు, నలుగురు కంపెనీల నుంచి, ఒకరు స్పాన్సర్ తరఫున వస్తున్నారు. కొత్తదనం, టెక్నికల్ లోతు, వాడకానికి సులువు, ఆఖరి డెమో అని నాలుగు అంశాలు పెట్టి, ఒక్కోదానికి 5 చొప్పున మొత్తం 20 మార్కులు అనుకున్నాం. జడ్జీలను ఇద్దరిద్దరు చొప్పున నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టుకు 10 టీములు ఇద్దామని ప్లాన్. చివర్లో మొత్తాలు పోల్చి పై 6 టీములను స్టేజీ మీదికి పిలుస్తాం. ఇందులో ఎక్కడైనా తేడా కొడుతుందా?

పాత_జడ్జి
కొడుతుందండీ, జట్లు చేసే దగ్గరే. చెయ్యి బిగబట్టి వేసే ఇద్దరు ఒక జట్టులో పడ్డారంటే, వాళ్ల చేతికి వచ్చిన 10 టీముల్లో ఒక్కటీ స్టేజీ ఎక్కదు. ఆ పది టీములు నిజంగానే బలహీనమా, లేక జడ్జీలే పిసినారులా అన్నది తర్వాత ఎంత తవ్వినా తేలదు. ఆ టీములను ఇంకెవరూ చూడలేదు కదా.

జట్లు తీసేయండి. ఎవరికి వాళ్లు విడిగా తిరగాలి. టేబుళ్లకు 1 నుంచి 40 దాకా వరుస నంబర్లు వేసి, మొదటి జడ్జిని 1వ టేబుల్ దగ్గర, రెండో జడ్జిని 6 దగ్గర, మూడో జడ్జిని 11 దగ్గర నిలబెట్టండి. అలా ఐదేసి దాటుకుంటూ పోతే ఎనిమిదో జడ్జి 36 దగ్గర మొదలుపెడతారు. ఒక్కొక్కరూ వరుసగా 15 టేబుళ్లు చూస్తారు, 40 దాటాక మళ్లీ 1కి తిరుగుతారు. దీంతో ప్రతి టేబుల్‌నూ సరిగ్గా ముగ్గురు చూస్తారు. ఒకే టేబుల్ దగ్గర ఇద్దరు జడ్జీలు ఎప్పుడూ తగులుకోరు.

టేబుల్‌కు 6 నిమిషాలు పెట్టుకోండి. 3 నిమిషాలు డెమో, 2 నిమిషాలు ప్రశ్నలు, ఆఖరి నిమిషం మార్కులు వేసి కదలడానికి. 15 టేబుళ్లకు గంటన్నర. మధ్యలో మంచినీళ్లకీ ఆలస్యాలకీ ఇంకో పావుగంట ఉంచండి.

ఈ పద్ధతిలో ఇంకో సుగుణం ఉంది. 11వ టేబుల్‌ను మూడో జడ్జి అందరికంటే ముందు చూస్తారు, రెండో జడ్జి ఆరోదిగా, మొదటి జడ్జి పదకొండోదిగా చూస్తారు. మామూలుగా జడ్జీలు మొదటి రెండు మూడు టీములకు మధ్యస్థంగా వేస్తారు. ముందు ముందు ఇంకా మంచిది రావచ్చని చేతిలో మార్కులు దాచుకుంటారు. ఆఖర్లో అలసటతో వేస్తారు. ఇక్కడ ప్రతి టీమూ ఒకరికి మొదట్లో, ఒకరికి మధ్యలో, ఒకరికి చివర్లో తగులుతుంది కాబట్టి ఆ నష్టం అందరికీ ఇంచుమించు ఒకేలా పడుతుంది.

టేబుల్ నంబర్లు మాత్రం చీటీలు తీసి ఇవ్వండి. వ్యవసాయం ప్రాజెక్టులన్నీ ఒక వైపు, గేములన్నీ ఒక వైపు కూర్చోబెడితే ఈ పద్ధతి దండగ.

లెక్కల_పిచ్చి
ఇంత తిప్పలెందుకండీ? జట్లే ఉంచుకోండి, జెడ్-స్కోరు తీస్తే సరి. ఒక్కో జడ్జి సగటు తీసేసి, ఆ జడ్జి స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించండి. పిసినారి, ధారాళం అన్న తేడా మాయమైపోతుంది. షీట్‌లో ఐదు నిమిషాల పని.

పాత_జడ్జి
సగటు తీసేయడం వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ జట్లు విడివిడిగా ఉంచి జెడ్-స్కోరు తీస్తే, నాలుగు జట్ల టీములూ సగటున ఒకే స్థాయిలో ఉన్నాయని మనమే ఒప్పేసుకున్నట్టు. నిజంగా బలహీనమైన పది టీములు ఒక జట్టుకు వచ్చాయనుకోండి. వాటిలో మెరుగైనదాన్ని ఈ లెక్క ఆకాశానికెత్తుతుంది. మంచి టీములన్నీ ఒకే జట్టులో పడితే వాటిలో ఐదోది అన్యాయంగా కిందికి పోతుంది. టీములను కలిపి చూసిన జడ్జీలు ఉంటేనే ఈ లెక్కకు కాలు నిలుస్తుంది.

ఇక భాగించడం. ఒక జడ్జి 15 టీముల్లో పదమూడింటికి 14 చొప్పున, ఒకదానికి 15, ఒకదానికి 13 వేశారనుకుందాం. ఆయన సగటు 14, స్టాండర్డ్ డీవియేషన్ 0.37 దగ్గర. అంటే ఆయన ఎక్కువ వేసిన ఒకే ఒక్క మార్కు జెడ్-స్కోరులో 2.7 అయి కూర్చుంటుంది. డీవియేషన్ 3 ఉన్న ఇంకో జడ్జి అంత ఇవ్వాలంటే సగటు మీద 8 మార్కులు ఎక్కువ వేయాలి. ఏ తేడా పట్టించుకోకుండా వేసిన జడ్జి మాటే అన్నిటికంటే గట్టిగా వినపడుతుంది. అందరికీ ఒకే మార్కు వేసేస్తే డీవియేషన్ సున్నా, షీట్‌లో `#DIV/0!` వస్తుంది.

15 టీముల స్థాయిలో సగటు తీసేసి అక్కడితో ఆపడమే నాకు క్షేమంగా కనిపిస్తుంది.

లెక్కల_పిచ్చి
సున్నా సంగతి తెలుసు, ఆ 2.7 సంగతి ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నా. కానీ భాగించకపోతే 8 నుంచి 19 దాకా విస్తారంగా వేసే జడ్జిదే పెత్తనం అవుతుంది కదా? ఆయన మెచ్చిన టీము +5తో దూసుకుపోతుంది, ఇంకొకరు మెచ్చింది +2 దగ్గర ఆగిపోతుంది.

పాత_జడ్జి
అది నిజమే. దానికి లెక్కలో పూర్తి మందు లేదు. మార్కుకు అర్థం ముందే రాసిపెడితే కొంత తగ్గుతుంది. దాని గురించి కింద రాస్తాను.

మూడో_బెంచీ
నేను స్టూడెంట్‌ని. మా టీముకు లాస్ట్ టైమ్ ఒక చోట 20కి 12 వచ్చాయి, పక్క టీముకు 17. వాళ్లది ఉత్త వెబ్ పేజీ. మాది హార్డ్‌వేర్‌తో పూర్తిగా పనిచేసేది. ఏ అంశంలో తగ్గిందో కూడా చెప్పలేదు. జడ్జీలను ఇంప్రెస్ చేయాలంటే పీపీటీలో ఏం పెట్టాలి సార్?

పాత_జడ్జి
ఇక్కడ మాట్లాడుతున్నది జడ్జీల వైపు పని గురించి బాబూ, పీపీటీకి వేరే చర్చ పెట్టు. అయినా నీ 12కీ వాళ్ల 17కీ ఇక్కడ సంబంధం ఉంది. ఆ రెండు అంకెలు వేసింది ఒకే మనుషులు కాకపోతే వాటిని పక్కపక్కన పెట్టి ఏమీ చెప్పలేం. లెక్క చేసి చూపిస్తాను. అంకెలు నేను వేసుకున్నవి, టేబుళ్లు పైన చెప్పిన వరుసవి.

12వ టేబుల్‌లో వడ్లలో తేమ కొలిచే పరికరం ఉంది. దాన్ని 1, 2, 3 నంబర్ల జడ్జీలు చూస్తారు. మార్కులు 11, 15, 17. మొత్తం 43.

23వ టేబుల్‌లో బస్ పాస్ యాప్ ఉంది. దాన్ని 3, 4, 5 నంబర్ల జడ్జీలు చూస్తారు. మార్కులు 16, 17, 16. మొత్తం 49.

ఉత్త మొత్తాలు చూస్తే బస్ పాస్ ఆరు మార్కులు పైన ఉంది. ఇప్పుడు జడ్జీల సగటులు చూడండి. మొదటి జడ్జి తను చూసిన 15 టీములకు సగటున 10 వేశారు, రెండోవారు 14, మూడోవారు 16.5, నాలుగోవారు 17, ఐదోవారు 16. సగటు తీసేస్తే తేమ పరికరానికి +1, +1, +0.5 వస్తాయి. సగటు +0.83. బస్ పాస్‌కు -0.5, 0, 0. సగటు -0.17. వరుస తిరగబడింది.

ఇది లెక్క చేసిన మాయ కాదని చెప్పడానికి మూడో జడ్జి ఉన్నారు. రెండింటినీ చూసినది ఆయనొక్కరే. ఆయన తేమ పరికరానికి 17, బస్ పాస్‌కు 16 వేశారు. టేబుళ్లు ఒకదాని మీద ఒకటి పడేలా జడ్జీలను తిప్పమన్నది ఇలాంటి సాక్షి కోసమే.

షీట్‌లో A జడ్జి, B టీము, C మొత్తం అనుకుంటే D లో మొదటిది, G లో రాసుకున్న టీముల జాబితా పక్కన రెండోది:

```
=C2-AVERAGEIF(A:A,A2,C:C)
=AVERAGEIF(B:B,G2,D:D)
```

ఓరుగల్లు_డెవ్
అసలు మార్కులే వద్దంటాను. హ్యాక్‌ఎంఐటీ వాళ్లు వాడిన గావెల్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది, అనీష్ అథల్యే రాసింది. జడ్జి ఒక టేబుల్ చూసి తర్వాతి దానికి పోతాడు. ఫోన్‌లో ఒకటే ప్రశ్న: ఇప్పుడు చూసింది మెరుగా, ఇందాక చూసింది మెరుగా? అంతే. ఇలాంటి పోలికలన్నీ కలిపి టూలే వరుస తయారుచేస్తుంది. ఏ జడ్జి మాట ఎంత నమ్మదగ్గదో కూడా అదే అంచనా వేస్తుంది. పిసినారి, ధారాళం అన్న సమస్యే పుట్టదు.

పాత_జడ్జి
మంచి టూల్, కాదనను. వందల టీములు, పదుల కొద్దీ జడ్జీలు ఉన్నచోట నేనూ దానికే ఓటేస్తాను. వీళ్ల దగ్గర టీముకు వచ్చేవి ఐదారు పోలికలు. అంత తక్కువతో పై వరుసలో ఆరోదీ ఏడోదీ తారుమారు కావడం చాలా తేలిక. పైగా నాలుగు అంశాల్లో ఎక్కడ తగ్గిందో ఆ పద్ధతి చెప్పదు. మూడో_బెంచీ అడిగిన ప్రశ్నకు అక్కడా జవాబు దొరకదు.

ఓరుగల్లు_డెవ్
మొదటి రౌండుకు సరిపోదేమో, ఫైనల్ ఆరింటికి వాడొచ్చుగా.

పాత_జడ్జి
ఫైనల్లో ఎనిమిది మందీ ఆరింటినీ చూస్తారు. పిసినారి అందరి దగ్గరా సమానంగా పిసినారే. అక్కడ సగటు తీసేయడం కూడా అక్కర్లేదు. ఒక్కో జడ్జి 1 నుంచి 6 దాకా వరుస రాసిస్తే చాలు.

తెరచాప_యూఐ
లెక్క సంగతి బాగుంది. కానీ నాలుగు అంశాలకూ సమానంగా ఐదేసి అన్నారు, అవి సమానంగా ఉండవు. గత ఏడాది షీట్ ఉంటే తీసి చూడండి. కొత్తదనానికి అందరికీ 3 లేదా 4, టెక్నికల్‌కు 3 లేదా 4, వాడకానికి కూడా 3 లేదా 4 ఉంటాయి. ఏం వేయాలో తెలియనప్పుడు చెయ్యి మధ్యకే పోతుంది. డెమోకు మాత్రం 1 నుంచి 5 దాకా వేస్తారు, అది కళ్లముందు జరిగింది కాబట్టి. మొదటి మూడు అంశాలు కలిపి టీముల మధ్య తెచ్చే తేడా మహా అయితే 3 మార్కులు. డెమో ఒక్కటే 4 తెస్తుంది. కాగితం మీద నాలుగో వంతు ఉన్న అంశం గెలిచేదెవరో తేల్చేస్తోంది.

దీనికి బరువులు మార్చడం మందు కాదు. 1, 3, 5 అంటే ఏమిటో ఒక్కో వాక్యం రాసి షీట్ మీదే అచ్చు వేయండి. వాడకానికి నేనైతే ఇలా రాస్తాను. 5: జడ్జి చేతికి ఫోన్ ఇచ్చి పని చెబితే, టీము నోరు విప్పకుండానే 60 సెకన్లలో పూర్తయింది. 3: ఒకచోట ఆగి అడగాల్సి వచ్చింది. 1: టీము వేలు పెట్టి చూపిస్తే తప్ప ముందుకు కదల్లేదు.

పని చెప్పేది టీము కాదు, జడ్జి. 'రేపటికి స్లాట్ బుక్ చేయి, తర్వాత రద్దు చేయి' లాంటిది. రద్దు చేయమనడం ముఖ్యం. చాలా ప్రాజెక్టుల్లో ముందుకు పోయే దారే ఉంటుంది, వెనక్కి వచ్చే దారి ఉండదు. యాప్ రైతుల కోసం అంటే ఊరి పేరు టైప్ చేయాల్సిన పెట్టె దగ్గర ఆగి చూడండి. లేబుళ్లన్నీ చక్కటి తెలుగులో పెట్టి, లోపల రాసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే తీసుకునేవి చాలా కనిపిస్తాయి. తెలుగులో రాసి వెతికితే 'ఫలితాలు లేవు' అంటుంది.

వరికంకి
హార్డ్‌వేర్ వైపు నేను చెబుతాను, తేమ పరికరం ఎలాగూ వచ్చింది కాబట్టి. ప్రభుత్వ కొనుగోలులో వడ్లకు తేమ హద్దు 17 శాతం. టీము ఈఎస్‌పీ32 బోర్డుకు కెపాసిటివ్ సాయిల్ సెన్సర్ తగిలించి, డబ్బాలో వడ్లు పోసి, ఫోన్ తెర మీద 16.4 అని చూపిస్తుంది. చప్పట్లు. టెక్నికల్ లోతు చూసే జడ్జి అక్కడ చేయాల్సిన పని చిన్నది. అదే డబ్బాను టేబుల్‌కు వేసి నాలుగు సార్లు తట్టి మళ్లీ కొలవమనండి. గింజలు దగ్గరపడి గాలి తగ్గగానే రీడింగ్ పెరుగుతుంది. వడ్లు అవే, తేమ అదే, కానీ తెర మీద 18 వస్తుంది. దీనికి టీము దగ్గర జవాబు ఉందా? బరువు తూచి పోస్తున్నామనో, ఒకే ఎత్తు దాకా నింపి ఒకే రకంగా అదుముతున్నామనో చెబితే ఆలోచించారన్నమాట. 'సెన్సర్ అలాగే వస్తుంది సార్' అంటే లేదన్నమాట. తర్వాతి ప్రశ్న, ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చింది? తేమ తెలిసిన ఎన్ని శాంపిళ్లతో సరిచూశారు? ఆ సెన్సర్ ఇచ్చేది వోల్టేజీ, శాతం కాదు.

ఇంకోటి. వై-ఫై కలవకముందు బాగా కదిలిన అంకె, కలిశాక కదలడం మానేసినా పిచ్చిగా వచ్చినా ఏ పిన్‌కు తగిలించారో అడగండి. ఈఎస్‌పీ32లో వై-ఫై నడుస్తుండగా ఏడీసీ2 పిన్నులు చదవడం కుదరదు. 32 నుంచి 39 వరకు ఉన్న ఏడీసీ1 పిన్నులు వాడాలి. తెలిసి మార్చుకున్న టీముకు ఆ మార్కు దక్కాలి.

ఫెస్ట్_కోఆర్డ్
చాలా ఉపయోగం. కానీ మా జడ్జీల్లో ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లు టెక్నికల్ లోతును రెండు నిమిషాల్లో ఎలా పడతారు? ఇంటి దగ్గర ముందే చేసుకొచ్చిన ప్రాజెక్టు సంగతి?

పాత_జడ్జి
అది డెమో టేబుల్ దగ్గర తేలే పని కాదు. కోడ్ ఫ్రీజ్ అయ్యాక, జడ్జీలు బయల్దేరే లోపు ఒక గంట పెట్టుకోండి. టెక్నికల్‌గా గట్టి సీనియర్లు నలుగురు, తలా పది రెపోలు, ఒక్కోదానికి ఆరు నిమిషాలు. మార్కులు వేయరు. జడ్జి షీట్‌లో రెండు లైన్లు రాస్తారు: ఏది సొంతంగా రాశారు, ఏమడగాలి. మొదట చూడాల్సింది ఇది:

```
git log --reverse --date=iso --format="%ad | %cd | %h %s"
```

మొదటి తేదీ రాసినప్పటిది, రెండోది కమిట్ అయినప్పటిది. మొదటిది హ్యాకథాన్‌కు వారం ముందుదయితే అడగాలి. తేదీలు మార్చడం కష్టం కాదు కాబట్టి శుభ్రంగా ఉన్నంత మాత్రాన నమ్మకండి. మొదటి కమిట్‌లోనే వేల లైన్లు వచ్చి పడ్డాయా, తర్వాతవన్నీ రంగులూ ఫాంట్ల మార్పులేనా చూడండి. అలా ఉన్నా నేరమని కాదు, ఫ్రేమ్‌వర్క్ టెంప్లేట్ కూడా అలాగే పడుతుంది. ఏ ఫైళ్లో చూస్తే తెలిసిపోతుంది.

టేబుల్ దగ్గర జడ్జి ఒక్క పని చేస్తే చాలు. టీము సిద్ధం చేసుకున్నది కాకుండా తన సొంత ఇన్‌పుట్ ఇవ్వాలి. వెబ్ అయితే బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి బటన్ నొక్కమనాలి. ఏ రిక్వెస్టూ వెళ్లకుండానే సర్వర్ నుంచి రావాల్సిన జవాబు తెర మీద కనిపిస్తే, అది ముందే రాసి పెట్టినది కావచ్చు. ఆ ఫైల్ తెరిచి చూపించమనండి.

మూడో_బెంచీ
మరి వై-ఫై పోతే? మాకు అప్పుడు అదే అయింది. హాలు వై-ఫైకి బోర్డు కలవలేదు. మూడు నిమిషాలూ అయిపోయాయి.

వరికంకి
ఆ బోర్డు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే కలుస్తుంది. హాల్లో 5 మాత్రమే ఇచ్చినా, ఫోన్ హాట్‌స్పాట్ 5 మీద ఉన్నా దానికి కనబడదు. కాలేజీ వై-ఫై లాగిన్ పేజీ అడిగితే అదీ దాటలేదు. హార్డ్‌వేర్ టీముల కోసం పాస్‌వర్డ్ మాత్రమే ఉన్న 2.4 నెట్‌వర్క్ ఒకటి విడిగా పెట్టడం నిర్వాహకుల పని. ఫ్రీజ్‌కు రెండు గంటల ముందే దాని మీద అందరిచేతా కలిపించి చూడాలి.

తెరచాప_యూఐ
దానికి తోడు నియమం ముందే రాయండి. నెట్‌వర్క్ వల్ల ఆగితే జడ్జి తన చుట్టు ముగించాక ఒకసారి తిరిగి వస్తారు. అప్పుడూ ఆగితే, ఫ్రీజ్‌కు ముందు అప్‌లోడ్ చేసిన రెండు నిమిషాల వీడియో చూస్తారు. అప్పుడు డెమోకు గరిష్ఠంగా 3. మిగతా మూడు అంశాల్లో కోత ఉండకూడదు.

లెక్కల_పిచ్చి
వీడియో ఒప్పుకోను. వీడియోను ఎలాగైనా కత్తిరించవచ్చు. 3 వేస్తే, నిజంగా తడబడుతూనైనా ప్రత్యక్షంగా చూపించి 2 తెచ్చుకున్న టీముకు అన్యాయం.

తెరచాప_యూఐ
తడబడినది టీము తప్పు, వై-ఫై పోయింది హాలు తప్పు. రెండూ ఒకటెలా అవుతాయి? అయినా అందులో జడ్జి సొంత ఇన్‌పుట్ ఇవ్వలేరన్నది నిజం, అక్కడ మీ మాటకు బలముంది. గరిష్ఠం 2 చేద్దామా?

పాత_జడ్జి
నాకు 3 దగ్గరే మనసొప్పుతుంది, కానీ వాదన రెండు వైపులా ఉంది. ఏ అంకె పెట్టినా సరే, ముందు రోజే నోటీసు బోర్డు మీద ఉండాలి. టేబుల్ దగ్గర నిలబడి తేల్చుకునేది కాకూడదు.

ఫెస్ట్_కోఆర్డ్
ఇప్పటికి ఇలా అనుకున్నాం. చీటీలతో టేబుల్ నంబర్లు, ఐదేసి దాటుతూ ఎనిమిది మంది జడ్జీలు, ఆరు నిమిషాలు. 1, 3, 5 వాక్యాలు షీట్ మీదే అచ్చు. ఫ్రీజ్ తర్వాత గంటసేపు సీనియర్లు రెపోలు చూస్తారు. సగటు తీసేసిన మార్కులతో పై ఆరు, ఫైనల్లో వరుస మాత్రమే. ప్రతి టీముకు అంశాలవారీ మార్కులు మెయిల్ చేస్తాం. వీడియో గరిష్ఠం ఇంకా తేలలేదు.

ఒక్క సందేహం మిగిలింది. స్పాన్సర్ తరఫు జడ్జి ముందు రోజు రాత్రి మూడు టీములకు మెంటర్‌గా కూడా ఉంటారట.

పాత_జడ్జి
ఆ మూడు టేబుళ్లకు ఆయన వెళ్లకూడదు. అయితే అవి చీటీల్లో ఆయన పదిహేనులో పడితే వాటికి ఇద్దరే జడ్జీలు మిగులుతారు. ఆయన చుట్టు 36వ టేబుల్ నుంచి 10 దాకా అనుకుంటే, ఆ మూడు టీములకు 11 నుంచి 35 లోపు నంబర్లే వచ్చేలా వాటి చీటీలు ముందు విడిగా తీయండి. తర్వాత మిగతా 37.

ఫెస్ట్_కోఆర్డ్
అంటే ఆయన్ని ఎనిమిదో జడ్జిగా పెడితే సరిపోతుంది. రేపు టేబుళ్లకు నంబర్లు అతికిస్తున్నాం.